డాక్‌కి తగిలించగానే డెస్క్‌టాప్ ఐకాన్లు చెదిరిపోతున్నాయా, పెద్దవైపోతున్నాయా? వరుసగా సరిచేసే పద్ధతి

మా మావయ్య గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్లో లెక్కలు చూస్తారు. ఆయన ల్యాప్‌టాప్ డెస్క్‌టాప్ మీద ఎడమ వరుసలో ప్రోగ్రాములుంటాయి, మధ్యలో కోల్డ్ స్టోరేజీ రసీదులుంటాయి, కుడి అంచున తేజ, 334, 341, బాడిగ అని మిర్చి రకాల పేర్లతో నాలుగు ఫోల్డర్లుంటాయి. పేర్లు చదవరు. చెయ్యి ఆ మూలకి పోయి క్లిక్ చేసేస్తుంది, అంతే.

ఇంట్లో పని చేసుకుని పొద్దున కొట్టుకి వచ్చి డాక్‌కి, అంటే ల్యాప్‌టాప్‌ని మానిటర్‌కి కలిపే డబ్బాకి, తగిలించేసరికి అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఒకరోజు తేజ లాట్ల షీటు 341 ఫోల్డర్లో పడింది. "ఒరేయ్ అబ్బాయ్, రెండు తెరలూ 1920 బై 1080 అని నువ్వే కదా చెప్పావు. మరి ఐకాన్లు ఎందుకు కదులుతున్నాయి?" అని ఫోన్ చేశారు.

ఈ ప్రశ్న నన్ను ఇంకా చాలామంది అడుగుతున్నారు. అందుకే విండోస్ 10, 11 వాడేవాళ్ళ కోసం చెయ్యాల్సిన పనులు, వాటి వరుస ఇక్కడ రాస్తున్నాను. వరుస మాత్రం తప్పకండి. చాలామంది ముందు ఐకాన్లు సర్దుతారు, ఆ తర్వాత తెర సెట్టింగులు మారుస్తారు. సర్దిందంతా మళ్ళీ చెదురుతుంది.

## 1. ముందు ఏదీ ముట్టుకోకండి

చెదిరిన ఐకాన్లను చూడగానే చెయ్యి ఊరుకోదు. ఒక్క ఐదు నిమిషాలు ఆగి, ఈ మూడూ చెయ్యండి.

- డెస్క్‌టాప్ ఇప్పుడు ఎలా ఉందో `Win + PrtSc` నొక్కి ఫొటో తీసుకోండి. అది Pictures లోపల Screenshots అనే ఫోల్డర్లోకి వెళ్తుంది. సరిగ్గా ఉన్న రోజు తీసిన ఫొటో కూడా ఉంటే ఇంకా మంచిది.
- డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి "Sort by" వైపు వెళ్ళకండి. అందులో ఏది నొక్కినా ఉన్న అమరిక కూడా పోతుంది.
- `Ctrl + Z` నొక్కకండి. అది ఐకాన్ల చోటును వెనక్కి తేదు. మీరు ఆఖరుగా ఫైలు పేరు మార్చినదాన్నో, తరలించినదాన్నో వెనక్కి తిప్పుతుంది. ఐకాన్ల గొడవలో అది గమనించరు కూడా.

## 2. అసలు ఎందుకు కదులుతాయి

డెస్క్‌టాప్‌ని గళ్ళ నోటుపుస్తకం అనుకోండి. ఒక్కో ఐకాన్‌కి ఒక్కో గడి. తెర మీద ఎన్ని గళ్ళు పడతాయన్నది రెండింటి మీద ఆధారపడుతుంది. ఒకటి రిజల్యూషన్, అంటే తెర మీద ఎన్ని చుక్కలున్నాయన్నది. రెండోది స్కేల్, అంటే అక్షరాలనూ బొమ్మలనూ ఎన్ని శాతం పెంచి చూపిస్తున్నారన్నది.

మావయ్య ప్రశ్నకి జవాబు ఈ రెండోదానిలోనే ఉంది. ఆయన ల్యాప్‌టాప్ 14 అంగుళాలది. అంత చిన్న తెర మీద 1920x1080 అంటే అక్షరాలు చీమల్లా ఉంటాయి కాబట్టి స్కేల్ 150% ఉంది. కొట్లో మానిటర్ 22 అంగుళాలది, దాని స్కేల్ 100%. చుక్కలు సమానమే, కానీ ల్యాప్‌టాప్‌లో ఒక్కో గడి ఒకటిన్నర రెట్లు పెద్దది.

అసలు పనికొచ్చే కొలత తెలియాలంటే రిజల్యూషన్‌ని స్కేల్‌తో భాగించాలి. ల్యాప్‌టాప్‌లో 1920 ÷ 1.5 = 1280, 1080 ÷ 1.5 = 720. అంటే ఐకాన్ల దృష్టిలో ల్యాప్‌టాప్ తెర 1280x720 మాత్రమే. మానిటర్ మాత్రం పూర్తి 1920x1080.

మీడియం సైజు ఐకాన్‌కి గడి ఉజ్జాయింపుగా 75 వెడల్పు, 100 ఎత్తు పడుతుంది. విండోస్ 11 టాస్క్‌బార్‌కి 48 తీసేస్తే మావయ్య లెక్క ఇలా వస్తుంది.

- మానిటర్ మీద: నిలువు వరుసకి 10 ఐకాన్లు, అలాంటి వరుసలు 25
- ల్యాప్‌టాప్ మీద: నిలువు వరుసకి 6 ఐకాన్లు, అలాంటి వరుసలు 17

మీ మెషీన్‌లో ఒకటి అటూ ఇటూ ఉండొచ్చు. ఒక ఐకాన్‌ని వరుస అడుగు దాకా లాగి లెక్కపెట్టుకుంటే తేలిపోతుంది.

ఇప్పుడు ఆయన బాధ అర్థమవుతుంది. కొట్లో ఎడమ వరుసలో పది ప్రోగ్రాములు పెట్టుకున్నారు. ఇంటికెళ్ళి ల్యాప్‌టాప్ తెరిస్తే ఆ వరుసలో ఆరే పడతాయి. మిగతా నాలుగూ ఖాళీ గడి ఎక్కడ దొరికితే అక్కడికి పోతాయి. కుడి అంచున ఇరవై ఐదో వరుసలో ఉన్న మిర్చి ఫోల్డర్లకైతే ల్యాప్‌టాప్‌లో ఆ వరుసే లేదు. అవి లోపలికి జరిగి రసీదుల మధ్య దూరతాయి. మర్నాడు డాక్‌కి తగిలించినప్పుడు కొన్నిసార్లు వాటంతటవే పాత చోటికి వస్తాయి, కొన్నిసార్లు రావు. దాన్ని నమ్ముకుని లాభం లేదు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఏ మానిటర్ తగిలించినప్పుడు ఏ రిజల్యూషన్, ఏ స్కేల్, ఏది ప్రధాన తెర అన్నది విండోస్ విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది. కొట్లో మానిటర్‌కి ఒక చీటీ, ఇంట్లో టీవీకి ఒక చీటీ అన్నట్టు. ఐకాన్ల చోట్లకి మాత్రం అంత శ్రద్ధ లేదు. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీని పాత విండోస్‌లో తెరిచి చూస్తే `ItemPos1366x768x96(1)` లాంటి పేర్లు కనిపించేవి. పేరులోనే రిజల్యూషన్, దాని పక్కన స్కేల్‌ని చెప్పే 96 ఉండేవి. 96 అంటే 100%, 120 అంటే 125%, 144 అంటే 150%. ఇప్పటి విండోస్‌లో చూస్తే `IconLayouts` అనే ఒకే మూట కనిపిస్తుంది. డాక్‌కి ఒకటి, ఇంటికి ఒకటి అని రెండు అమరికలు వేరువేరుగా దాచుకునే బటన్ విండోస్‌లో లేదు. ఐకాన్లకు తాళం వేసే సదుపాయం కూడా లేదు.

## 3. "పెద్దగా కనిపిస్తున్నాయి" అంటే ఏది పెద్దగా?

చెదరడం ఒక జబ్బు, పెద్దవవడం ఇంకో జబ్బు. పెద్దవవడానికి మళ్ళీ మూడు కారణాలున్నాయి, మూడింటికీ మందు వేరు. కనిపెట్టడం తేలిక. ఐకాన్లను కాదు, కింద టాస్క్‌బార్‌లో గడియారాన్ని చూడండి.

గడియారం మామూలుగానే ఉంది, ఐకాన్లు మాత్రమే పెద్దవయ్యాయి. `Ctrl` నొక్కి ఉండగా మౌస్ చక్రం తిరిగింది. డాక్ తగిలించేటప్పుడు, ఫైళ్ళు ఎంచుకునేటప్పుడు ఇది తెలియకుండా జరిగిపోతుంది. డెస్క్‌టాప్ ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి "View" లో "Medium icons" నొక్కండి, సరిపోతుంది. స్కేల్ జోలికి వెళ్ళక్కర్లేదు.

గడియారం కూడా పెద్దదైంది, కానీ అక్షరాలు పదునుగా ఉన్నాయి. ఇది స్కేల్. ల్యాప్‌టాప్‌కి సరిపోయే 150% మానిటర్‌కి కూడా అంటుకుంది. అయిదో మెట్టులో సరిచేద్దాం.

గడియారం పెద్దదైంది, అక్షరాలు మసకగా, అంచులు అలికినట్టు ఉన్నాయి. రిజల్యూషన్ పడిపోయింది. తెర మీద వృత్తం కోడిగుడ్డులా సాగి కనిపిస్తే ఇక అనుమానమే అక్కర్లేదు. నాలుగో మెట్టు మీ కోసమే.

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక దుకాణం వాళ్ళు నన్ను పిలిచి "మానిటర్ పాడైంది, కొత్తది చెప్పండి" అన్నారు. వెళ్ళి చూస్తే ఈ మూడో రకం. పాడైంది మానిటర్ కాదు, మధ్యలో వేలాడుతున్న వీజీఏ అడాప్టర్.

## 4. డాక్‌లో ఉండగా రిజల్యూషన్ సరిచేయడం

ల్యాప్‌టాప్‌ని డాక్‌కి తగిలించండి. తెర ఒకటి రెండుసార్లు ఆరి వెలుగుతుంది. అది పూర్తిగా కుదుటపడే దాకా పది పదిహేను సెకన్లు ఏమీ నొక్కకండి. ఆ తర్వాత ఇలా వెళ్ళండి.

1. `Win + P` నొక్కండి. "Duplicate" మీద ఉంటే "Extend" కి మార్చండి. రెండు తెరల మీద ఒకే బొమ్మ చూపించాలంటే విండోస్ రెండింటికీ కుదిరే ఒకే రిజల్యూషన్‌కి దిగాలి. ల్యాప్‌టాప్ తెర ఆకారం వేరు, మానిటర్ ఆకారం వేరు అయితే ఎవరో ఒకరు నష్టపోతారు. మసకకి ఎక్కువసార్లు కారణం ఇదే.
2. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి "Display settings" తెరవండి. పైన 1, 2 అని డబ్బాలుంటాయి. "Identify" నొక్కితే ఏ తెరది ఏ అంకె అన్నది తెర మీదే కనిపిస్తుంది.
3. మానిటర్ డబ్బా ఎంచుకుని "Display resolution" దగ్గర పక్కన "Recommended" అని రాసి ఉన్న అంకెనే పెట్టండి. ల్యాప్‌టాప్ డబ్బాకీ అంతే.

ఆ జాబితాలో మీ మానిటర్ అసలు రిజల్యూషనే లేకపోతే, 1024x768 దగ్గరే ఆగిపోతే, తప్పు సెట్టింగులది కాదు. ప్రతి మానిటర్ "నేను ఫలానా, నా కొలతలు ఇవి" అని కేబుల్ ద్వారా చెప్పుకుంటుంది. వదులైన కేబులో, నాసిరకం హెచ్‌డీఎంఐ టు వీజీఏ అడాప్టరో ఆ మాటను మింగేస్తే విండోస్ జాగ్రత్త కొద్దీ చిన్న రిజల్యూషన్‌కి దిగుతుంది. కేబుల్ రెండు కొసలూ తీసి మళ్ళీ గట్టిగా పెట్టండి. అప్పటికీ మారకపోతే అడాప్టర్ పక్కన పెట్టి, డాక్ నుంచి మానిటర్‌కి నేరుగా హెచ్‌డీఎంఐ గానీ డిస్‌ప్లేపోర్ట్ గానీ వేసి చూడండి.

డాక్ రకం కూడా చూసుకోవాలి. కొన్ని డాకులు ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్‌నే టైప్-సీ తీగ ద్వారా నేరుగా పంపుతాయి. డిస్‌ప్లేలింక్ చిప్ ఉన్నవి యూఎస్‌బీ మీద బొమ్మను పంపుతాయి. వీటికి డ్రైవర్ తప్పనిసరి. ఈ రెండో రకంలో సైన్ ఇన్ అయ్యే సమయానికి మానిటర్ ఇంకా లేచి ఉండకపోవచ్చు. అప్పుడు ఐకాన్లు ముందు ల్యాప్‌టాప్ గళ్ళలో కూర్చుని, తర్వాత మానిటర్‌కి పరిగెత్తుతాయి. డ్రైవర్ కొత్తది వేసుకోవడం, మానిటర్ వెలిగాకే పాస్‌వర్డ్ కొట్టడం, ఈ రెండే ఉపాయాలు.

## 5. ప్రధాన తెర, స్కేల్

ఐకాన్లు ప్రధాన తెర వెంట పోతాయి. ఇంట్లో ల్యాప్‌టాప్ ప్రధానం, కొట్లో మానిటర్ ప్రధానం అయితే రోజూ రెండుసార్లు ఇల్లు మారినట్టే. కాబట్టి ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి.

కొట్లో కూడా ల్యాప్‌టాప్ మూత తెరిచే ఉంచుతారా? అయితే ల్యాప్‌టాప్‌నే ప్రధాన తెరగా ఉంచేయండి. "Display settings" లో ల్యాప్‌టాప్ డబ్బా ఎంచుకుని, కింద "Multiple displays" లో "Make this my main display" టిక్ పెట్టండి. ఐకాన్లు ల్యాప్‌టాప్ మీదే ఉంటాయి, పని మానిటర్ మీద జరుగుతుంది. డాక్ తగిలించినా తీసినా ప్రధాన తెర గళ్ళు మారవు కాబట్టి ఐకాన్లు కదలడానికి కారణమే ఉండదు. నన్నడిగితే ఇంతకన్నా గట్టి పరిష్కారం లేదు. ఇది కుదిరితే మిగతా మెట్లలో సగం అక్కర్లేదు.

మూత మూసేసి మానిటర్ ఒక్కటే వాడతారా? మావయ్యది ఇదే. బల్ల మీద దస్తాలు, క్యాలిక్యులేటర్, టీ గ్లాసు పోను ల్యాప్‌టాప్ తెరిచేంత జాగా లేదు. అప్పుడు రెండు చోట్లా గళ్ళ సంఖ్యను వీలైనంత దగ్గరికి తేవాలి. అది స్కేల్‌తోనే సాధ్యం.

మానిటర్ డబ్బా ఎంచుకుని "Scale" దగ్గర అంకె మార్చండి. ఆయన విషయంలో నేను మూడు రకాలు ప్రయత్నించాను.

ముందు రెండింటికీ 125% పెట్టాను. అప్పుడు రెండు తెరలూ 1536x864 అవుతాయి, నిలువు వరుసకి 8 ఐకాన్లు రెండు చోట్లా ఖాయం. లెక్క ప్రకారం ఇదే శ్రేష్ఠం. కానీ 14 అంగుళాల తెర మీద 125% ఆయన కళ్ళకి ఆనలేదు. "లెక్క కుదిరింది కానీ నా చూపు కుదరలేదురా" అన్నారు.

తర్వాత రెండింటికీ 150%. మానిటర్ మీద అన్నీ లావైపోయి, లెక్కల సాఫ్ట్‌వేర్‌లో కుడి చివరి గడులు తెర బయటికి పోయాయి. అదీ వద్దు.

చివరికి ల్యాప్‌టాప్ 150%, మానిటర్ 125% దగ్గర ఆగాం. గళ్ళు సమానం కాలేదు, ల్యాప్‌టాప్‌లో 17 వరుసలు 6 చొప్పున, మానిటర్‌లో 20 వరుసలు 8 చొప్పున. కానీ తేడా బాగా తగ్గింది. మిగిలిన తేడాను సర్దడంలో చూసుకోవచ్చు.

ఇక్కడ జరిగే రెండు పొరపాట్లు చెప్పాలి.

"Custom scaling" గడిలో 135, 140 అని సొంత అంకెలు రాయకండి. అది అన్ని తెరలకీ ఒకేసారి వర్తిస్తుంది, తెరకి ఒక స్కేల్ పెట్టుకునే వీలు పోతుంది. ఇప్పటికే రాసి ఉంటే "Scale" దగ్గర మార్చనివ్వకుండా ఒక గమనిక కనిపిస్తుంది. అక్కడే దాన్ని ఆపి సైన్ అవుట్ అవ్వమనే లింకు ఉంటుంది.

రెండోది, స్కేల్ మార్చాక కొన్ని అక్షరాలు మసకగా, కొన్ని ఐకాన్లు లావుగా మిగిలిపోతే మళ్ళీ మళ్ళీ అంకె మార్చకండి. కొన్ని భాగాలు సైన్ ఇన్ అయినప్పటి స్కేల్‌నే పట్టుకుని కూర్చుంటాయి. ఒకసారి సైన్ అవుట్ అయి లోపలికొస్తే సర్దుకుంటాయి.

## 6. ఇప్పుడు ఐకాన్లు సర్దండి, అదీ చిన్న తెర మీదే

ఇక్కడిదాకా వచ్చాక గానీ ఐకాన్ ముట్టుకోకండి. డాక్ నుంచి తీసేసి ల్యాప్‌టాప్ తెర మీదే సర్దండి. చిన్న తెరలో పట్టింది పెద్ద తెరలో ఎలాగూ పడుతుంది. పెద్ద తెర మీద సర్దింది చిన్నదానిలో పట్టదు. గొడవంతా అక్కడే మొదలైంది.

డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి "View" లో ఇవి చూసుకోండి.

- "Medium icons" ఎంచుకుని ఉండాలి
- "Auto arrange icons" టిక్ తీసేయాలి
- "Align icons to grid" టిక్ ఉండాలి

"Auto arrange" ఉంటే ఐకాన్లన్నీ ఎడమ పైమూల నుంచి ఖాళీ లేకుండా ఒకదాని కింద ఒకటి చేరతాయి. వరుసకి ఆరు పట్టే చోట ఏడోది రెండో వరుసకి, పది పట్టే చోట పదకొండోది రెండో వరుసకి వెళ్తుంది. మీకు చోటు ముఖ్యం కాకపోతే అది బాగానే ఉంటుంది. మావయ్యలా చెయ్యి గుర్తుతో క్లిక్ చేసేవాళ్ళకి మాత్రం పనికిరాదు.

మావయ్య అమరిక ఇలా మారింది. ఎడమ వరుసలో పది ప్రోగ్రాముల్లో రోజూ వాడే ఆరింటిని ఉంచాం. మిగతా నాలుగూ టాస్క్‌బార్‌కి ఎక్కించాం. రసీదుల ఫోల్డర్లు నాలుగో, అయిదో వరుసల్లోకి వచ్చాయి. మిర్చి ఫోల్డర్లు నాలుగూ ల్యాప్‌టాప్ కుడి అంచులో, అంటే పదిహేడో వరుసలో పైనుంచి కిందికి.

డాక్‌కి పెట్టినప్పుడు అవి మానిటర్ అంచుకి అంటుకుని ఉండవు, కుడి పక్క మూడు వరుసల ఖాళీ మిగులుతుంది. రెండు రోజులు గొణిగారు. మూడో రోజుకి చెయ్యి అలవాటు పడింది. ఈ ఫోల్డర్లన్నీ ఒకే పెద్ద ఫోల్డర్లో వేసి టాస్క్‌బార్‌కి పెట్టుకుంటే గొడవే ఉండదని కూడా చెప్పాను. "నా బల్ల నా ఇష్టం" అన్నారు. సరే.

## 7. భద్రపరిచి, పరీక్షించండి

సర్దడం అవగానే సైన్ అవుట్ అయి, మళ్ళీ సైన్ ఇన్ అవ్వండి. ఐకాన్ల చోట్లను విండోస్ రిజిస్ట్రీలోకి ఎక్కించేది ప్రతి కదలికకీ కాదు. డెస్క్‌టాప్‌నీ టాస్క్‌బార్‌నీ నడిపే ఎక్స్‌ప్లోరర్ సక్రమంగా మూతపడినప్పుడు అది ఖాయంగా జరుగుతుంది. టాస్క్ మేనేజర్‌లో ఎక్స్‌ప్లోరర్‌ని "Restart" చేయడం దీనికి బదులు కాదు. ఒక్కోసారి అప్పటిదాకా సర్దింది పోతుంది.

తర్వాత పరీక్ష:

- డాక్‌కి తగిలించండి, కుదుటపడ్డాక చూడండి
- తీయండి, ల్యాప్‌టాప్‌లో చూడండి
- డాక్‌లో ఉంచి మూత మూసి, తెరవండి
- డాక్‌లో ఉండగా స్లీప్‌లో పెట్టి లేపండి

నాలుగింటిలోనూ ఐకాన్లు నిలబడితే పని అయినట్టే. ఏదో ఒకదానిలోనే చెదిరితే ఆ సందర్భంలో "Display settings" తెరిచి రిజల్యూషన్, స్కేల్, ప్రధాన తెర మూడూ చూడండి. ఒకటి కచ్చితంగా మారి ఉంటుంది.

## 8. అమరికకి నకలు తీసి పెట్టుకోవడం

ఎంత సరిచేసినా ఎప్పుడో ఒకసారి చెదురుతాయి. నకలు ఉంటే అరనిమిషం పని. సైన్ అవుట్ అయి వచ్చిన వెంటనే, అంతా సరిగ్గా ఉన్నప్పుడు, స్టార్ట్‌లో `cmd` అని కొట్టి ఈ లైను నడపండి.

```
reg export "HKCU\Software\Microsoft\Windows\Shell\Bags\1\Desktop" "%USERPROFILE%\icons-dock.reg" /y
```

ల్యాప్‌టాప్ ఒక్కటే ఉన్నప్పుడు అదే పని చేసి పేరు `icons-home.reg` అని పెట్టుకోండి. ఏ తెర మీద తీసిన నకలు ఆ తెర మీదే వాడాలి. వేరే కంప్యూటర్లో వాడొద్దు.

చెదిరినప్పుడు తిరిగి తెచ్చుకోవడానికి నోట్‌ప్యాడ్‌లో ఈ మూడు లైన్లు రాసి, "Save as type" దగ్గర "All files" ఎంచుకుని, `dock.bat` అనే పేరుతో దాచుకోండి.

```
taskkill /f /im explorer.exe
reg import "%USERPROFILE%\icons-dock.reg"
start explorer.exe
```

మొదటి లైను ఎందుకంటే, ఎక్స్‌ప్లోరర్ నడుస్తుండగా నకలు ఎక్కిస్తే, అది మూతపడేటప్పుడు తన దగ్గరున్న చెదిరిన అమరికను దాని మీదే రాసేస్తుంది. అందుకే ముందు దాన్ని బలవంతంగా ఆపి, నకలు ఎక్కించి, మళ్ళీ లేపాలి. ఆ క్షణం టాస్క్‌బార్, ఐకాన్లు మాయమవుతాయి, కంగారు పడకండి. తెరిచి ఉన్న ఫోల్డర్ కిటికీలు మూతపడతాయి. పెన్‌డ్రైవ్‌కి ఏదైనా కాపీ అవుతుంటే అది తెగిపోతుంది, అయ్యేదాకా ఆగి నడపండి. నకలు తీశాక కొత్తగా చేరిన ఐకాన్లు ఖాళీ గళ్ళలో కూర్చుంటాయి.

కమాండ్లంటే భయపడేవాళ్ళకి `DesktopOK` అనే ఉచిత ప్రోగ్రాం ఇదే పనిని బటన్లతో చేస్తుంది.

## 9. కరెంటు పోయినప్పుడు

మావయ్య కొట్లో అన్నీ సరిచేశాక పది రోజులు బాగానే నడిచింది. ఏప్రిల్ మధ్యాహ్నం ఒకసారి ఫోన్ వచ్చింది, మళ్ళీ చెదిరాయని. ఎవరూ ఏమీ ముట్టుకోలేదు. అడిగితే మెల్లగా తేలింది, అరగంట క్రితం కరెంటు పోయి వచ్చింది.

కరెంటు పోతే డెస్క్‌టాప్ కంప్యూటర్ అయితే మొత్తం ఆగిపోతుంది. ల్యాప్‌టాప్ ఆగదు, బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది. మానిటర్, డాక్ మాత్రం ఆరిపోతాయి. విండోస్‌కి అది మానిటర్ పీకేసినట్టే. ఐకాన్లను ల్యాప్‌టాప్ గళ్ళలోకి తోసేస్తుంది. కరెంటు రాగానే మళ్ళీ మానిటర్ గళ్ళలోకి. ఆ మధ్యాహ్నం కరెంటు మూడుసార్లు వచ్చి పోయిందట.

డిస్‌ప్లేపోర్ట్ తీగతో ఉన్న చాలా మానిటర్లు బటన్ నొక్కి ఆపినా, నిద్రపోయినా ఇలాగే ప్రవర్తిస్తాయి. భోజనానికి వెళ్తూ మానిటర్ బటన్ నొక్కే అలవాటుంటే మానేసి `Win + L` తో తాళం వేసి వెళ్ళండి. విండోస్ 11 లో "Multiple displays" కింద "Remember window locations based on monitor connection" అనే టిక్ ఉంటుంది. దాన్ని ఉంచండి, కానీ అది తెరిచి ఉన్న కిటికీల కోసం, ఐకాన్ల కోసం కాదు.

కొట్లో ఇన్వర్టర్ ఉంది, కానీ దాని లైను ఫ్యాన్లకి, కాటా బల్ల దగ్గర లైటుకి మాత్రమే వేసి ఉంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, మానిటర్, డాక్ రెండూ పెట్టే ప్లగ్గుకి కూడా ఆ లైను కలిపించాం. ఇన్వర్టర్ కరెంటుకి మారే లోపు మానిటర్ కన్నుకొట్టినట్టు ఆరి వెలుగుతుంటే చిన్న యూపీఎస్ కావాలి. మావయ్య మానిటర్‌కి ఆ అవసరం పడలేదు.

`dock.bat` ఎక్కడ పెట్టాలని అడిగారు. డెస్క్‌టాప్ మీద మాత్రం వద్దని చెప్పాను, చెదిరిన రోజు దాన్నీ వెతుక్కోవాలి. దానికో షార్ట్‌కట్ చేసి, ప్రాపర్టీస్‌లో "Shortcut key" దగ్గర `Ctrl + Alt + D` ఇచ్చి, స్టార్ట్ మెనూ ఫోల్డర్లో పడేశాం.